నాలుగు మీటర్ల గీత

భారతదేశంలో అమ్ముడయ్యే కార్ల వివరాల పట్టికలు తిరగేస్తే, పొడవు అన్న గడిలో ఒకే అంకె పదే పదే ఎదురవుతుంది: 3,995 మిల్లీమీటర్లు. మారుతీ డిజైర్ పొడవు అదే, బ్రెజా పొడవు అదే. హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్, మహీంద్రా బొలెరో, స్కోడా కైలాక్ పొడవూ అంతే. టాటా నెక్సాన్‌దీ అంతే. ఈ కార్లను గీసిన కంపెనీలు వేరు, వాటి సొంత దేశాలు వేరు. ఒకదానికి వెనుక డిక్కీ బయటికి పొడుచుకొచ్చి ఉంటే, ఇంకొకటి పెట్టెలా నిటారుగా ఉంటుంది. అయినా అన్నీ నాలుగు మీటర్లకు ఐదు మిల్లీమీటర్ల ఇవతలే ఆగిపోయాయి. ఇంజిన్ల సంగతీ ఇలాగే ఉంటుంది. పెట్రోలు ఇంజిన్లు 1,197, 1,199 సీసీల దగ్గర, డీజిలు ఇంజిన్లు 1,493, 1,497 సీసీల దగ్గర గుమిగూడి కనిపిస్తాయి. ఈ అంకెలను నిర్ణయించింది రోడ్డు కాదు, కొనేవారి అభిరుచి కూడా కాదు. వాటి మూలం పన్ను నిబంధనలో ఉన్న రెండు గీతల్లో ఉంది.

ఆ గీతలు 2006 కేంద్ర బడ్జెట్‌లో పడ్డాయి. అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కార్ల తయారీకి భారతదేశం కేంద్రం కావాలన్నది ఉద్దేశం. రాయితీ ఇస్తున్నప్పుడు చిన్న కారు అంటే ఏమిటో చెప్పక తప్పదు. పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదు, ఇంజిన్ పెట్రోలుదైతే 1,200 సీసీ, డీజిలుదైతే 1,500 సీసీ దాటకూడదు అని నిర్వచించారు. సీఎన్‌జీ, ఎల్పీజీ కార్లకు పెట్రోలు హద్దే వర్తిస్తుంది. పొడవు, సీసీ రెండూ ఏకకాలంలో లోపల ఉంటేనే రాయితీ. ఒకటి లోపల ఉండి రెండోది బయట ఉంటే, ఆ బండి పెద్ద కారు కిందే లెక్క.

ఆ తర్వాత రేట్లు చాలాసార్లు మారాయి. చిన్న కార్ల ఎక్సైజ్ సుంకం ఒక దశలో 8 శాతానికి దిగింది, మళ్లీ 12కి ఎక్కింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక అన్ని పెట్రోలు, డీజిలు కార్ల మీదా 28 శాతం పన్ను వేసి, దానిపై సెస్సును కారును బట్టి కలిపారు. దాంతో చిన్న పెట్రోలు కారుకు మొత్తం 29 శాతం, చిన్న డీజిలు కారుకు 31 శాతం అయింది. గీత దాటిన కార్లకు మొదట 43 శాతం పడింది. మూడు నెలలు తిరక్కుండానే దాన్ని బండి రకాన్ని బట్టి 45, 48, 50 శాతాలకు పెంచారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయింది. చిన్న కార్లకు 18 శాతం, మిగిలిన పెట్రోలు, డీజిలు కార్లకు 40 శాతం. ఇన్ని మార్పుల్లోనూ కదలనివి నిర్వచనంలోని అంకెలే. 4,000, 1,200, 1,500 అన్నవి 2006లో ఎలా రాశారో అలాగే ఉన్నాయి.

ఈ గీతకు ఇంత బలం ఎక్కడిదో తెలియాలంటే అది వాలు కాదు, మెట్టు అని గమనించాలి. ఆదాయపు పన్నులో ఒక శ్లాబు దాటితే, దాటిన సొమ్ము మీదే ఎక్కువ రేటు పడుతుంది. అందుకే శ్లాబు దగ్గర ఆగిపోవాలని ఎవరూ జీతం తగ్గించుకోరు. కారు విషయంలో అలా కాదు. పొడవు 4,001 మిల్లీమీటర్లు అయితే ఎక్కువ రేటు పడేది అదనపు మిల్లీమీటరు మీద కాదు, బండి మొత్తం విలువ మీద.

ఒక లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ఒక కారు పన్ను కలపకముందు ధర 6,00,000 రూపాయలు అనుకుందాం. అది చిన్న కారు నిర్వచనంలో ఇమిడితే 18 శాతం కలిపి 7,08,000 అవుతుంది. అదే కారుకు డిక్కీ దగ్గర పది సెంటీమీటర్లు పెంచడానికి కంపెనీకి మరో 20,000 ఖర్చయిందనుకుంటే, పన్నుకు ముందు ధర 6,20,000. ఇప్పుడు రేటు 40 శాతం కాబట్టి ధర 8,68,000కి చేరుతుంది. తేడా 1,60,000. ఇందులో పెరిగిన డిక్కీకీ, దాని మీద పన్నుకూ పోయేది 28,000 మాత్రమే. మిగతా 1,32,000 గీత దాటినందుకు కట్టే మూల్యం. పెద్ద డిక్కీ కావాలనుకునే కుటుంబం 28,000 పెట్టడానికి సిద్ధపడవచ్చు. లక్షా అరవై వేలు పెట్టమంటే, ఊరెళ్లేటప్పుడు ఒక సంచీ ఒళ్లో పెట్టుకోవడమే మేలనుకుంటుంది.

భారం అక్కడితో ఆగదు. జీవిత పన్నును ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ బండి ధర మీద శాతంగానే వసూలు చేస్తాయి. ధర పెరిగేకొద్దీ ఆ శాతమూ పెరుగుతుంది. పై లెక్కకు 14 శాతం జీవిత పన్ను కలిపితే తేడా 1,82,400 అవుతుంది. అంటే జీఎస్టీ మీద మళ్లీ పన్ను పడుతోందన్నమాట. ఈ తేడాను 9 శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పుగా తీసుకుంటే నెలవాయిదా దాదాపు 2,900 రూపాయలు పెరుగుతుంది. షోరూములో చెప్పే ఎక్స్-షోరూమ్ ధరలో జీఎస్టీ ముందే కలిసి ఉంటుంది కాబట్టి, ఇందులో పన్ను ఎంతో, బండి ఎంతో కొనేవారికి విడిగా కనిపించదు. చిన్నది చవక, పెద్దది ప్రియం అని మాత్రమే కనిపిస్తుంది.

కంపెనీ వైపు నుంచి చూస్తే మెట్టు ఇంకా నిటారుగా ఉంటుంది. గీత దాటిన కారును కూడా 7,08,000కే అమ్మాలని పట్టుబడితే, పన్నుకు ముందు ధర 5,05,714కు దిగాలి. అంటే ఒక్కో బండి మీద 94,000 పైగా వదులుకోవాలి. కార్ల వ్యాపారంలో అంత మిగులు ఉండదు. అందుకే ఇంజినీర్లకు మొదట ఇచ్చే షరతే నాలుగు మీటర్లు. ఆకారం, డిక్కీ, బంపర్ అన్నీ ఆ తర్వాతి సంగతులు.

డిక్కీ బయటికి ఉన్న కారుకే ఈ షరతు కష్టం. హ్యాచ్‌బ్యాక్ ఎలాగూ నాలుగు మీటర్లలోపే ఉంటుంది. దానికి డిక్కీ తగిలించి సెడాన్ చేయబోతే గీత దాటుతుంది. తోకను కత్తిరించి గీత లోపలికి తెచ్చిన తొలి ప్రయత్నం టాటాది. 2008లో వచ్చిన ఇండిగో సీఎస్ అనే బండిలో, 4,150 మిల్లీమీటర్ల ఇండిగోను 3,988కి కుదించారు. ఆ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది మాత్రం మారుతీ డిజైర్.

మొదటి డిజైర్ 2008లో 4,160 మిల్లీమీటర్ల పొడవుతో వచ్చింది. డిక్కీలో 440 లీటర్ల చోటు ఉండేది. 2010 నాటికి దాని పెట్రోలు ఇంజిన్ 1,197 సీసీకి మారింది. డీజిలు ఇంజిన్ 1,248 సీసీ. అంటే రెండు ఇంజిన్లూ హద్దులోనే ఉన్నాయి. రాయితీకి అడ్డు నిలిచింది పొడవు ఒక్కటే, అదీ 160 మిల్లీమీటర్లు, ఒక జానెడు కంటే తక్కువ. 2012 ఫిబ్రవరిలో వచ్చిన రెండో డిజైర్ 3,995 మిల్లీమీటర్లతో గీత లోపలికి వచ్చింది. ఆ పొడవు ఎక్కడి నుంచి తీశారన్నది గమనించదగ్గది. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం తగ్గకపోగా 2,390 నుంచి 2,430 మిల్లీమీటర్లకు పెరిగింది, ఎందుకంటే కూర్చునేవారి కాళ్లకు చోటు అక్కడే దొరుకుతుంది. కోత పడిందంతా వెనుక చక్రం అవతలి భాగానికే. డిక్కీ 440 లీటర్ల నుంచి 316కు పడిపోయింది. వెనుక అద్దం దిగీదిగకముందే కారు అయిపోయినట్టుండే ఆ ఆకారాన్ని చూసి అప్పట్లో పెదవి విరిచినవారు చాలామందే ఉన్నారు. కొన్నవారు అంతకంటే చాలా ఎక్కువ. తర్వాతి తరాల్లో పొడవు పెంచకుండానే చోటును సర్ది డిక్కీని 380 లీటర్ల దాకా తెచ్చారు కానీ, పాత 440కి మళ్లీ చేరలేదు.

డిజైర్ తోవలోనే హోండా అమేజ్, హ్యుందాయ్ ఎక్సెంట్ వచ్చాయి. ఫోక్స్‌వ్యాగన్ అయితే భారతదేశం కోసమే ఆమియో అనే పొట్టి సెడాన్‌ను తయారుచేసింది. ఇది ఒక దేశపు పన్ను నిబంధన వల్ల పుట్టిన కార్ల జాతి. హ్యుందాయ్ ఐ20 సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఇప్పటి తరం మొదలైనప్పుడు ఐరోపాలో అమ్మిన ఐ20 పొడవు 4,040 మిల్లీమీటర్లు, భారతదేశంలో 3,995. పేరూ తరమూ ఒకటే, బంపర్లు వేరు.

ఇంజిన్ గీత పనిచేసే తీరు కొంచెం వేరు. పొడవును రేకుతో తగ్గించవచ్చు. సీసీ తగ్గించాలంటే ఇంజిన్‌నే మార్చాలి. సీసీ అంటే సిలిండర్లలో పిస్టన్లు కదిలే చోటు మొత్తం ఘనపరిమాణం. 2005లో స్విఫ్ట్ వచ్చినప్పుడు దాని పెట్రోలు ఇంజిన్ 1,298 సీసీ. అంటే 2006 నాటి గీతకు 98 సీసీలు అవతల. 2010లో దాని స్థానంలో 1,197 సీసీ ఇంజిన్ పెట్టారు. ఉద్గార నిబంధనలూ ఆ మార్పుకు ఒక కారణమే కానీ, కొత్త ఇంజిన్ సరిగ్గా 1,200కు మూడు సీసీల కింద ఆగడానికి కారణం పన్నే. మారుతీ, హ్యుందాయ్ రెండూ 1,197 దగ్గర, టాటా, హోండా 1,199 దగ్గర స్థిరపడ్డాయి. డీజిలుకు 1,500 సీసీల దాకా వీలుండటంతో చిన్న కార్లలో డీజిలుకు మొదటి నుంచీ కొంత వెసులుబాటు దక్కింది. 2010 దశకంలో చిన్న డీజిలు కార్లు అంతగా వ్యాపించడానికి చవక డీజిలు ధర పెద్ద కారణమైనా, ఈ 300 సీసీల అదనపు చోటు కూడా తోడ్పడిందనే చెప్పాలి.

మహీంద్రా బొలెరో రెండు గీతలనూ ఒకేసారి దాటి లోపలికి వచ్చిన బండి. పల్లెల్లో, మండల కేంద్రాల్లో అందరికీ తెలిసిన పాత బొలెరో పొడవు 4,107 మిల్లీమీటర్లు, ఇంజిన్ 2,523 సీసీ. 2016లో బొలెరో పవర్ ప్లస్ పేరుతో దాన్ని 3,995 మిల్లీమీటర్లకు కుదించి, 1,493 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ పెట్టారు. ముందు భాగంలోనూ బంపర్ల దగ్గరా మిల్లీమీటర్లు పోగేసి పదకొండు సెంటీమీటర్లు తగ్గించారు. చూపులకు బండి అదే. ఇంజిన్ వెయ్యి సీసీలు తగ్గినా శక్తి మాత్రం 63 హార్స్‌పవర్ నుంచి 70కి పెరిగింది.

ఈ చివరి అంకెలోనే సీసీ గీత లోపం దాగి ఉంది. 2006 నాటికి సీసీని చూసి ఇంజిన్ శక్తిని, ఇంధన ఖర్చును ఇంచుమించుగా ఊహించవచ్చు. టర్బో వచ్చాక ఆ లంకె తెగిపోయింది. గాలిని ఒత్తిడితో సిలిండర్లలోకి నెట్టే ఈ పరికరం ఉంటే 998 సీసీ పెట్రోలు ఇంజిన్ కూడా 120 హార్స్‌పవర్ ఇస్తుంది. వెన్యూ, సోనెట్ కార్లలో ఉన్నది ఇదే. నెక్సాన్‌లోని 1,199 సీసీ టర్బో శక్తి కూడా దాదాపు అంతే. బ్రెజాలోని 1,462 సీసీ ఇంజిన్‌కు టర్బో లేదు. దాని శక్తి 103 హార్స్‌పవర్ దగ్గరే ఉంది. శక్తి తక్కువ, పొడవు సమానం, అయినా బ్రెజా మీద పన్ను 40 శాతం, తక్కిన మూడింటి మీద 18. బ్రెజా మొదట 2016లో డీజిలు ఇంజిన్‌తో వచ్చినప్పుడు చిన్న కారే. డీజిలు మానేసి 2020లో 1.5 లీటర్ పెట్రోలు ఇంజిన్ పెట్టుకున్నాక పెద్ద కార్ల లెక్కలోకి పోయింది. ఒక్క మిల్లీమీటరు పెరగకుండానే పెద్దదైన కారు ఇది. పొడవు మాత్రం 3,995 దగ్గరే మిగిలింది, ఇప్పుడు దానివల్ల పైసా లాభం లేకపోయినా.

ఇదే కంపెనీ తయారుచేసే ఫ్రాంక్స్ ఇందుకు ఎదురు ఉదాహరణ. భారతదేశంలో దాన్ని 1,197 సీసీ, 998 సీసీ టర్బో ఇంజిన్లతో అమ్ముతారు. గుజరాత్‌లో తయారై 2024 నుంచి జపాన్‌కు వెళ్తున్న ఫ్రాంక్స్‌లో ఉన్నది 1.5 లీటర్ ఇంజిన్. అక్కడి కొనుగోలుదారుకు ఏది నప్పుతుందో అది పెట్టారు, ఇక్కడ పన్నుకు ఏది నప్పుతుందో అది.

గీత ఒకే ఫ్యాక్టరీని రెండుగా చీల్చడం చూడాలంటే శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గరున్న కియా ఫ్యాక్టరీ చాలు. అక్కడ 2019లో సెల్టోస్‌తో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాది సోనెట్ తోడైంది. రెండింటిలోనూ 1,493 సీసీ డీజిలు ఇంజిన్ దొరుకుతుంది. డీజిలు హద్దు 1,500 కాబట్టి ఇంజిన్ పరీక్షలో రెండూ నెగ్గుతాయి. సోనెట్ 3,995 మిల్లీమీటర్లు, సెల్టోస్ 4,300 పైన. అందుకే ఒకే ఇంజిన్‌తో ఒకే గేటులోంచి బయటికొచ్చే రెండు బండ్లలో ఒకదాని మీద 18, మరొకదాని మీద 40 శాతం పన్ను పడుతుంది. ఇక్కడ ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. గీతకు ఇవతల కార్లు కిక్కిరిసి ఉంటే, గీత దాటగానే దాదాపు ఖాళీ. 4,000 నుంచి 4,200 మిల్లీమీటర్ల మధ్య పొడవున్న పెట్రోలు, డీజిలు కుటుంబ కార్లు భారతదేశంలో వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. పెద్ద కారు పన్ను ఎలాగూ తప్పనప్పుడు 4,050 దగ్గర ఆగేది ఎవరు? వెనుక సీటు, డిక్కీ బాగా పెంచి, కొనేవారికి ఆ డబ్బు సార్థకమైనట్టు కనిపించేలా 4,300 దాకా వెళ్తారు. అంటే గీత కొందరిని చిన్న కారు వైపు తోస్తుంది, మిగిలినవారిని వారికి అవసరమైన దానికంటే పెద్ద కారు వైపు తోస్తుంది. మధ్యరకం కావాలనుకునేవారికి మార్కెట్‌లో సరుకే ఉండదు.

ఒక గీతను నమ్ముకుని పన్ను వేస్తే, దాన్ని ఎలా కొలవాలన్న తగాదా కూడా వస్తుంది. పొడవు, సీసీలకు ఆ బెడద లేదు. మోటారు వాహనాల చట్టం, దాని కింది నియమాల ప్రకారం ఆమోదం పొందిన అంకెలే పన్నుకూ ప్రమాణమని ప్రభుత్వం తేల్చేసింది. చిక్కు వచ్చింది ఎస్‌యూవీల దగ్గర. జీఎస్టీ సెస్సులో అత్యధిక రేటు పడాలంటే పొడవు, సీసీలతో పాటు బండి అడుగుభాగానికీ నేలకూ మధ్య ఎత్తు కనీసం 170 మిల్లీమీటర్లు ఉండాల్సి వచ్చేది. ఎత్తును మనుషులు, సామాను ఎక్కించి కొలవాలా, ఖాళీ బండికి కొలవాలా? బరువు ఎక్కితే బండి కుంగుతుంది. అదే బండి ఒక కొలతలో ఎస్‌యూవీ అవుతుంది, మరో కొలతలో కాదు. ఖాళీ బండికే కొలవాలని జీఎస్టీ మండలి 2023 జులైలో స్పష్టం చేసింది. 2025 మార్పుతో గీత దాటినవన్నీ 40 శాతంలోకి చేరిపోయాయి కాబట్టి ఆ వివాదానికే చోటు లేకుండా పోయింది.

పన్ను వేరు, గీత వేరు అనడానికి ఢిల్లీలో జరిగింది నిదర్శనం. కాలుష్యం కారణంగా 2,000 సీసీ, ఆపై డీజిలు కార్ల రిజిస్ట్రేషన్‌ను 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు అక్కడ నిలిపేసింది. కొన్ని వారాల్లోనే మహీంద్రా 2,179 సీసీ ఇంజిన్‌కు బదులు 1,990 సీసీ ఇంజిన్‌తో స్కార్పియోను తెచ్చింది. అంకె ఎవరు గీసినా, ఎందుకు గీసినా, దాని కిందకు దూరడం తయారీదారులకు అలవాటైన విద్యే.

ఇది భారతదేశానికే ప్రత్యేకం కాదు. ఇటలీలో 2,000 సీసీ దాటిన కార్ల మీద విలువ ఆధారిత పన్ను దాదాపు రెట్టింపు ఉన్న రోజుల్లో, ఫెరారీ అంతటి సంస్థ కూడా ఆ దేశం కోసం 1,991 సీసీ ఇంజిన్‌తో ఎనిమిది సిలిండర్ల కారు అమ్మింది. జపాన్‌ది ఇంకా పాత కథ. 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు, 660 సీసీ దాటని కేయ్ కార్లకు అక్కడ పన్ను రాయితీ ఉంది. అందుకే ఆ పొట్టి పెట్టెల్లాంటి కార్లు జపాన్ వీధుల నిండా కనిపిస్తాయి, ఇతర దేశాల్లో పెద్దగా కనిపించవు. జపాన్‌లోనే మామూలు కార్లకు 1,700 మిల్లీమీటర్ల వెడల్పు దగ్గర మరో గీత ఉండేది. అది దాటితే ఏటా కట్టే పన్ను బాగా పెరిగేది కాబట్టి జపాన్ సెడాన్లు చాలాకాలం 1,690, 1,695 మిల్లీమీటర్ల దగ్గరే ఆగాయి. 1989లో ఆ పన్నును ఇంజిన్ సైజుకే ముడిపెట్టారు, వెడల్పును వదిలేశారు. ఆ తర్వాతి దశాబ్దంలో జపాన్ కార్లు వెడల్పెక్కాయి.

పన్ను తీసేస్తే కారు నిజంగా పెరుగుతుందా అన్న ప్రశ్నకు జపాన్ అనుభవం ఒక జవాబు. భారతదేశంలో విద్యుత్ కార్లు మరో జవాబు ఇచ్చాయి. వీటికి సిలిండర్లు లేవు కనుక సీసీ లేదు. పొడవు ఎంతైనా జీఎస్టీ 5 శాతమే. మహీంద్రా ఎక్స్‌యూవీ300 అనే కారు, కొరియాకు చెందిన శాంగ్‌యాంగ్ టివోలి పునాది మీద తయారైంది. టివోలి 4.2 మీటర్ల బండి. 2019లో దాన్ని భారతదేశానికి తెచ్చేటప్పుడు చక్రాల మధ్య 2,600 మిల్లీమీటర్ల దూరాన్ని అలాగే ఉంచి, వెనుక భాగం కోసి, 3,995కి కుదించారు. డిక్కీలో మిగిలింది 257 లీటర్లు. ఆ తరగతి కార్లలో ఇది తక్కువే, సమీక్షకులంతా వేలెత్తి చూపిన లోపమూ అదే. అదే పునాది మీద విద్యుత్ కారు ఎక్స్‌యూవీ400ను తయారుచేసినప్పుడు పొడవు 4,200 మిల్లీమీటర్లకు తిరిగి వచ్చింది. చక్రాల మధ్య దూరం మారలేదు. డిక్కీ 378 లీటర్లయింది. ఒకే కంపెనీ, ఒకే పునాది, ఒకే కొనుగోలుదారుల వర్గం. మారింది పన్ను గీత ఒక్కటే.

అయితే అన్ని విద్యుత్ కార్లూ ఇలా పెరగలేదు. నెక్సాన్ విద్యుత్ కారు నాలుగు మీటర్ల లోపలే ఉంది, ఎందుకంటే రేకును ఒత్తే అచ్చులు పెట్రోలు నెక్సాన్‌కు చేసినవి. అచ్చులకు పెట్టిన ఖర్చు రాబట్టుకునేదాకా పన్ను గీసిన ఆకారం పన్ను లేని బండిలో కూడా కొనసాగుతుంది. ఇక పొట్టి కారంటే బలహీనమైనదన్న అనుమానానికి ఆధారం లేదు. కోతపడిన ఎక్స్‌యూవీ300, నెక్సాన్ రెండూ గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షల్లో ఐదు నక్షత్రాలు పొందాయి. పెద్దవారి రక్షణ విషయంలో పొడవు కంటే చట్రం దృఢత్వానిదే ప్రధాన పాత్ర. కోత వల్ల నష్టపోయేది సామాను చోటు.

కొనేవారు ఈ గీత తమ బండి మీద ఎలా పడిందో పోల్చుకోవడం కష్టం కాదు. వివరాల పట్టికలో పొడవు 3,980 నుంచి 4,000 మధ్య ఉంటే బండిని గీతకు తగ్గట్టు కొలిచారని అర్థం. అప్పుడు చూడాల్సింది చక్రాల మధ్య దూరం, డిక్కీ లీటర్లు. మొదటిది ఎక్కువగా ఉండి రెండోది తక్కువగా ఉంటే, సామాను చోటు తీసి కాళ్లకు ఇచ్చారన్నమాట. ఇంజిన్ దగ్గర 1.2, 1.5 అని వెనుక అంటించిన అంకెల మీద ఆధారపడకూడదు. అవి గుండ్రం చేసినవి. అసలు సీసీ రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటుంది. బీమాకు కూడా అదే ప్రమాణం, కాకపోతే అక్కడ గీతలు వేరు. థర్డ్ పార్టీ బీమాకు 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 1,000 సీసీ దాటని కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1,500 దాకా 3,416, ఆపైన 7,897. అందువల్ల 998 సీసీ టర్బో కారు జీఎస్టీలోనూ బీమాలోనూ కింది గడిలోనే ఉంటుంది, శక్తిలో మాత్రం పై గడి కార్లతో పోటీపడుతుంది.

2025 మార్పు ఈ ఏర్పాటును సరళం చేసిందని అంటారు. గీత లోతు మాత్రం పెరిగింది. జీఎస్టీ మొదలైన ఏడాది చివరికి చిన్న పెట్రోలు కారుకూ తర్వాతి మెట్టుకూ తేడా 16 శాతం పాయింట్లు. ఇప్పుడు 22. గతంలో గీత దాటాక కూడా 45, 48, 50 అని మరిన్ని మెట్లు ఉండేవి కాబట్టి 1,500 సీసీ దగ్గర ఆగడానికి కొంత కారణం ఉండేది. ఇప్పుడు నాలుగు మీటర్లు దాటిన కారులో 1,500 సీసీ పెట్టినా, 2,200 సీసీ పెట్టినా జీఎస్టీ 40 శాతమే. ఎన్నాళ్లుగానో 3,995 దగ్గర నిలిచిన చిన్న కార్ల తయారీదారులకు ఇంకో మిల్లీమీటరు ముందుకు జరగడం మునుపటికంటే కష్టమైంది, పెద్ద ఎస్‌యూవీ తయారీదారులకు పెద్ద ఇంజిన్ పెట్టడం మునుపటికంటే తేలికైంది.